బాకీ పెరిగినవాళ్లే షాపు మానేశారు: ఒక అరువు పుస్తకం కేస్ స్టడీ

చిన్న షాపుల లెక్కలు చూడటం నా పని. ఈ కేసు ఎలక్ట్రికల్, ప్లంబింగ్ సామాన్లు అమ్మే ఒక షాపుది. భార్యాభర్తలిద్దరూ కౌంటర్లో కూర్చుంటారు, ఒక కుర్రాడు సహాయంగా ఉంటాడు. కొనేవాళ్లలో సగం మంది ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, చిన్న కాంట్రాక్టర్లు. మిగతావాళ్లు ఇళ్లవాళ్లు. పని పూర్తయ్యాకే డబ్బు చేతికొచ్చే వృత్తులు కాబట్టి అరువు లేకుండా ఈ వ్యాపారం నడవదు.

యజమాని అసలు మొత్తాలు బయటపెట్టొద్దన్నారు. అందుకని నెల మొత్తం అమ్మకాన్ని లక్ష అనుకుని, మిగతా అంకెలన్నీ అదే నిష్పత్తిలోకి మార్చి రాస్తున్నాను.

ఆయన నన్ను పిలిచింది వసూళ్ల కోసం కాదు. "అమ్మకం బాగానే ఉంది, సరుకు తెచ్చేటప్పటికి చేతిలో డబ్బుండట్లేదు, లెక్కలో ఎక్కడో తేడా ఉంది చూడండి" అన్నారు. లెక్కలో తేడా లేదు. లక్ష అమ్మకంలో 40,000 అరువు. పుస్తకంలో మొత్తం బాకీ 76,000. అంటే దాదాపు రెండు నెలల అరువు అమ్మకం బయటే ఉండిపోయింది. రోజుల్లో చెప్పాలంటే 76,000ను 40,000తో భాగించి 30తో గుణిస్తే 57 రోజులు. సరుకు ఇచ్చే హోల్‌సేల్ వాళ్లకు ఆయన 30 రోజుల్లో కట్టాలి. మధ్యలో ఉన్న ఆ 27 రోజులకు ఆయన అప్పు తెచ్చి కడుతున్నారు. తేడా అంటే ఇదే.

"మరి గట్టిగా అడగొచ్చు కదా" అంటే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "అడిగితే రావడం మానేస్తారండీ. ఇప్పటికే తొమ్మిది మంది మానేశారు."

ఆ తొమ్మిది మంది పేజీలూ తీసి చూశాను. పేజీలో ఏమీ తెలియదు కాబట్టి ఒక్కొక్కరి గురించి ఆయన్నీ, ఆవిడనూ విడివిడిగా అడిగాను: చివరిసారి బాకీ గురించి ఎప్పుడు కదిలించారు? తొమ్మిది మందిలో ఏడుగురిని మానేయడానికి ముందు మూడు నెలల్లో ఒక్కసారి కూడా అడగలేదు. అడిగినందుకు అలిగి వెళ్లినవాళ్లు ఇద్దరే. మిగతా ఏడుగురూ బాకీ బాగా పెరిగాక, తాము ఎంత ఇవ్వాలో తమకే తెలియని స్థితిలో, మొహం చెల్లక ఈ దారిన రావడం మానేశారు. అదే సరుకు ఇంకో షాపులో నగదు ఇచ్చి కొంటున్నారు. అంటే ఆయన బాకీతో పాటు ఆ నగదు అమ్మకాన్ని కూడా పోగొట్టుకుంటున్నారు. ఈ కేసులో ఆ తరవాత చేసినదంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరిగింది.

పుస్తకం ఎలా ఉండేది

పొడుగాటి గీతల నోట్‌బుక్. మనిషికో పేజీ. పేజీ మీద పేరు, కింద అంకెలు. సరుకు ఇస్తే ఒక అంకె కలుపుతారు. డబ్బు ఇస్తే మొత్తంలోంచి తీసేసి, పాత అంకెను కొట్టేసి, కొత్తది పక్కన రాస్తారు. తేదీ ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. ఏ సరుకో దాదాపు ఉండదు. ముగ్గురు రాస్తారు, ఎవరు రాశారో చేతిరాత బట్టి ఊహించుకోవాలి.

ఇలాంటి పుస్తకం ఎంత బాకీ ఉందో చెబుతుంది, అది ఎప్పటిదో చెప్పదు. వసూలుకు కావలసింది రెండోదే. నిన్నటి 2,000 బాకీ వ్యాపారం, ఆరు నెలల కిందటి 2,000 బాకీ సమస్య. పేజీలో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఒక ప్లంబర్ పేజీ ఉదాహరణగా చెబుతాను. పేజీ చివర 3,100 అని ఉంది. ఆయన్ని అడిగితే "2,250 అన్నా, నాకు బాగా గుర్తుంది" అన్నాడు. తేడా 850. పేజీ వెతికితే నాలుగు నెలల కింద 850 అంకె ఒకటి ఉంది, పక్కన ఏమీ లేదు. ప్లంబర్ సహాయకుడు వచ్చి సామాను తీసుకెళ్లాడని షాపు కుర్రాడు అంటాడు. ఆ రోజు తాను అతన్ని పంపలేదని ప్లంబర్ అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. ఆ 850 తేలక ముందు 2,250 ఇవ్వడం ప్లంబర్‌కు ఇష్టం లేదు, ఎందుకంటే ఇస్తే మిగతాది ఒప్పుకున్నట్టవుతుంది. 2,250 తీసుకోవడం యజమానికి ఇష్టం లేదు, తీసుకుంటే మిగతాది వదులుకున్నట్టవుతుంది. ఇలా 850 తగాదా నాలుగు నెలలుగా 2,250ని ఆపేసింది.

కొత్త పుస్తకం మొదలుపెట్టిన తీరు

పాత పుస్తకాన్ని సరిదిద్దే ప్రయత్నం చేయలేదు. ఒక తేదీ పెట్టుకుని దాన్ని మూసేశాం. కొత్త పుస్తకంలో ప్రతి పేజీ ఒక్క వరుసతో మొదలవుతుంది: ఈ తేదీకి ఇద్దరూ ఒప్పుకున్న బాకీ ఇంత, పక్కన కొన్నవాడి సంతకం. ఒప్పుకోని మొత్తం అక్కడ రాయకూడదు. దానికి పుస్తకం చివర "తగాదా" అని విడిగా ఒక పేజీ పెట్టాం. ప్లంబర్ పేజీ 2,250తో మొదలైంది, 850 తగాదా పేజీలోకి వెళ్లింది. ఆ సాయంత్రమే ఆయన 750 కట్టి వెళ్లాడు. నాలుగు నెలల్లో అది మొదటి జమ.

యజమానికి ఇది మింగుడు పడలేదు. "తగాదా పేజీలో పెడితే ఇంక రానట్టే కదా" అన్నారు. నిజమే, చాలావరకు రాదు. కానీ సంతకం, చీటీ లేని పద్దు ఎలాగూ రాదు, వచ్చేదాన్ని కూడా అది పట్టి ఉంచుతుంది. 47 ఖాతాల్లో, చివరిదాకా రాని ముగ్గురివి తప్ప మిగతా అన్నిటికీ ఇలా సంతకాలు తీసుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఎవరినీ ప్రత్యేకంగా పిలిపించలేదు, షాపుకు వచ్చినప్పుడే చేశాం. రాని తొమ్మిది మందికి మాత్రం ఆవిడ ఫోన్ చేశారు. అది కింద చెబుతాను. చివరికి 76,000లో 72,500 మీద తగాదా లేదని తేలింది, 3,500 తగాదా పేజీలో మిగిలింది. నేను అనుకున్నదానికంటే తక్కువే. జనం తాము తీసుకున్నది కాదనరు, ఎంతో తెలియక తప్పించుకుంటారు.

సంతకానికి ఇంకో ఉపయోగం కూడా ఉంది. పాత బాకీ మీద దావా వేయడానికి చాలా దేశాల చట్టాల్లో ఒక గడువు ఉంటుంది. గడువు దాటకముందే రాతపూర్వకంగా బాకీ ఒప్పుకుంటే చాలాచోట్ల ఆ గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకొస్తుంది. ఇంత చిన్న మొత్తాలకు కోర్టుకు ఎవరూ వెళ్లరు గానీ, పెద్ద కాంట్రాక్టర్ల ఖాతాలకు ఇది పనికొస్తుంది. మీ దగ్గర గడువు ఎంతో ఒక లాయర్‌ని అడిగి తెలుసుకోండి.

చిట్టా, ఆవర్జా

మన పెద్దవాళ్లు రెండు పుస్తకాలు రాసేవారు. జరిగింది జరిగినట్టు వరసగా రాసేది చిట్టా. అందులోంచి మనిషి మనిషికీ విడగొట్టి ఎక్కించేది ఆవర్జా. ఇటలీలో లూకా పచోలీ 1494లో వ్యాపారుల లెక్కల పద్ధతిని అచ్చు వేయించినప్పుడు కూడా ముందు రోజువారీ చిత్తు పుస్తకం, చివర ఖాతాల పుస్తకం అనే చెప్పాడు. కౌంటర్ రద్దీలో మనిషి పేజీ వెతికి రాయడం కుదరదు, మర్చిపోతారు. అందుకే రెండు.

ఇక్కడ చిట్టా బదులు వరస నంబర్లు అచ్చువేసిన డూప్లికేట్ బుక్ పెట్టాం. కార్బన్ పెట్టి ఒక్కసారి రాస్తే రెండు చీటీలు వస్తాయి. చీటీ మీద తేదీ, పేరు, సామాను, మొత్తం, తీసుకున్నవాళ్ల సంతకం. అసలు చీటీ కొన్నవాడికి, కార్బన్ కాపీ పుస్తకంలోనే. సహాయకుడు వస్తే అతని పేరు, సంతకం. డబ్బు కట్టినా అదే పుస్తకంలో చీటీ, "జమ" అని పైన పెద్దగా రాసి. రాత్రి షాపు మూసేముందు ఆవిడ చీటీలను ఖాతా పేజీల్లోకి ఎక్కించి, ఎక్కించిన కాపీ మీద టిక్ పెడతారు. రోజుకు పదిహేను నిమిషాల పని.

పేజీలో వరుసలు ఇలా ఉంటాయి:

| తేదీ | చీటీ నం. | అరువు | జమ | బాకీ |
|---|---|---|---|---|
| 3 | 112 | 1,200 | | 1,200 |
| 10 | 131 | 600 | | 1,800 |
| 17 | 150 | | 1,000 | 800 |
| 24 | 168 | 900 | | 1,700 |

ఏ అంకెనూ కొట్టేయరు. తప్పు రాస్తే కింద ఇంకో వరుస రాసి సరిచేస్తారు.

ఇప్పుడు ఈ 1,700 ఎప్పటిదో చూద్దాం. కట్టిన డబ్బు ఎప్పుడూ అన్నిటికంటే పాత చీటీకి పోతుందని పెట్టుకున్నాం. అలాంటప్పుడు వయసు తెలుసుకోవడానికి సులువైన ఉపాయం, అరువు వరుసను కింది నుంచి పైకి చదవడం. చివరి అరువు 900. దాని పైది 600, కలిపితే 1,500. బాకీ 1,700 కాబట్టి ఇంకా 200 కావాలి, అది 3వ తేదీ చీటీలో ఉంది. అంటే ఈ మనిషి బాకీలో అన్నిటికంటే పాతది 3వ తేదీది, అందులో 200 మాత్రమే మిగిలింది. పేజీ పక్కన పెన్సిల్‌తో "3, 200" అని రాస్తే చాలు. నెలకోసారి 47 పేజీలకు ఇలా చేయడానికి ఆవిడకు మొదట్లో రెండు గంటలు పట్టింది, తరవాత ముప్పావు గంటలో అయిపోయేది.

దొరికిన తేదీలు, సామాన్లు, ఆయన జ్ఞాపకం కలిపి పాత పుస్తకానికి కూడా మొదటి రోజు ఈ లెక్క వేశాం. 76,000లో 30 రోజుల లోపుది 33,000, 31 నుంచి 60 రోజులది 15,000, 61 నుంచి 90 వరకు 9,000, 90 దాటింది 19,000. తగాదా పద్దులన్నీ ఈ చివరి 19,000లోవే. ఆయన దృష్టిలో సమస్య 76,000. నిజానికి సమస్య ఈ 19,000, దానికి కొంచెం ముందున్న 9,000. మొదటి 33,000 గురించి ఎవరినీ కదిలించాల్సిన పనే లేదు. ఆయన మాత్రం రాని వాళ్లను వదిలేసి, రోజూ కళ్లెదుట కనిపించే మంచి ఖాతాదారులనే "కొంచెం సర్దండి" అని అడుగుతూ ఉండేవారు. వాళ్లు సర్దేవాళ్లు, మనసులో నొచ్చుకునేవాళ్లు.

నెల చివర ఇంకో లెక్క తప్పనిసరి. అన్ని పేజీల బాకీలూ కూడితే వచ్చే మొత్తం, మొదటి మొత్తానికి నెల అరువు కలిపి, నెల జమ తీసేస్తే వచ్చేదానితో సరిపోవాలి. మొదటి నెల 72,500కు 36,000 అరువు కలిసింది, 41,000 జమ అయింది. 67,500 రావాలి. పేజీలు కూడితే 68,300 వచ్చింది. 800 ఎక్కువ. చీటీలు తిరగేస్తే టిక్ లేని జమ చీటీ ఒకటి దొరికింది, సరిగ్గా 800. ఇది దొరక్కపోయి ఉంటే, కట్టిన మనిషిని మళ్లీ కట్టమని అడిగేవాళ్లం. ఖాతాదారుణ్ణి పోగొట్టుకోవడానికి అంతకంటే దగ్గర దారి లేదు. ఒక హెచ్చరిక: ఒకరి జమను ఇంకొకరి పేజీలో ఎక్కిస్తే ఈ మొత్తాల లెక్కలో తేడా కనపడదు. ఒకే పేరు గలవాళ్లు ఇద్దరున్నప్పుడు ఇక్కడ అదే జరిగింది. చీటీ మీద పేరుతో పాటు పేజీ నంబర్ కూడా రాయడం అప్పటి నుంచి మొదలుపెట్టాం.

అడగడం

నిజానికి వసూలులో ఎక్కువ భాగం అడగకుండానే జరిగింది. చీటీ ఇచ్చేటప్పుడు కింద పాత బాకీ, ఈ రోజుది, మొత్తం అని మూడు అంకెలు రాయమన్నాను. నోటితో ఏమీ అననక్కర్లేదు. కొన్నవాడు చీటీ చూసుకుంటాడు, తన బాకీ ఎంతో ఎప్పటికప్పుడు తెలుస్తుంది. తెలిసిన బాకీని జనం తీరుస్తారు. మొదటి నెల వచ్చిన 41,000లో పెద్ద భాగం ఇలా తమంతట తామే కట్టినదే.

మిగిలినవాళ్లను అడగడానికి ముందు ఒక్కో పేజీ పైన ఒక రోజు రాశాం. ఆ రోజు ఆయా మనుషులు తామే చెప్పినది. నెల జీతం వాళ్లు జీతం వచ్చిన మర్నాడు అన్నారు. ప్లంబర్లు శనివారం సాయంత్రం అన్నారు, వారం కూలీ అప్పుడు వస్తుందట. ఒక చిన్న కాంట్రాక్టర్‌కు నెల లెక్కే లేదు, బిల్లు పాసైనప్పుడే డబ్బు, కాబట్టి ఆయన పేజీలో రోజుకు బదులు పని పేరు రాశాం. అందరినీ ఒకటో తారీకున అడిగితే సగం మంది దగ్గర ఆ రోజు డబ్బుండదు. లేనప్పుడు అడిగితే వచ్చేది సాకు, దాంతో పాటు మొహమాటం.

మాట కూడా మార్చాం. ఆయన అలవాటుగా "బాకీ ఎప్పుడిస్తావయ్యా?" అనేవారు. ఆ ప్రశ్నకు "ఇస్తాను, ఎక్కడికి పోతాను" అనే జవాబే వస్తుంది. ఆవిడ అడిగే తీరు వేరు. పక్కన ఇంకెవరూ లేనప్పుడు పేజీ తెరిచి అతని వైపు తిప్పి, "పాతది 1,500 ఉంది బాబూ. శనివారం 750 అని రాసుకోనా?" అంటారు. అంకె, రోజు రెండూ ఆవిడే చెబుతారు, రాయడానికి మాత్రం అతని ఒప్పుదల అడుగుతారు. అతను "750 కాదక్కా, 500 రాసుకో" అంటాడు. రాసుకుంటారు. తానే చెప్పిన 500ను చాలామంది తెచ్చి ఇస్తారు. ఒకటి రెండు సార్లు చూశాక ఆయనే, "అడిగే పని నువ్వే చూసుకో" అని ఆవిడకు అప్పగించారు. నాకు తెలిసి ఈ కేసులో తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఇదొకటి, సలహా నాది కాదు.

రాని తొమ్మిది మందికి చేసిన ఫోన్‌లో బాకీ ముందు రాలేదు. "కొత్త పుస్తకం మొదలుపెట్టాం, మీ లెక్క ఒకసారి చూసి సంతకం పెట్టి వెళ్లండి, డబ్బు ఇప్పుడే తేనక్కర్లేదు" అన్నారు. ఆరుగురు వచ్చారు. వాళ్లకు పాత బాకీని ఒక పేజీలో బిగించి, కొత్త కొనుగోళ్లను ఇంకో పేజీలో మొదలుపెట్టాం. కొత్త పేజీ నగదు మీదే, ధర అందరికీ ఉన్నదే. సామాను కొన్నప్పుడల్లా పాత బాకీ కింద తోచినంత కడతారు. "పాతది తీరిస్తేనే సరుకు" అనడానికీ, దీనికీ తేడా ఏమిటంటే, మొదటి పద్ధతిలో అతని చేతిలోని నగదు ఇంకో షాపుకు వెళుతుంది, ఇందులో మన గల్లాలోకే వస్తుంది.

మాట తప్పినవాళ్ల విషయం. చెప్పిన రోజు దాటితే పేజీ అంచున ఎర్ర చుక్క. ఒక చుక్కకు ఏమీ అనరు, కొత్త రోజు రాసుకుంటారు. రెండో చుక్క పడితే అరువు ఆగుతుంది, అమ్మకం ఆగదు. ఈ నియమం ఆయన తమ్ముడి వరస అయ్యే ఒకతనికి కూడా వర్తించింది. రెండు రోజులు మాటల్లేవు, మూడో రోజు అతనే వచ్చి కట్టాడు.

ఎంతవరకు ఇవ్వొచ్చు

అరువు పరిమితిని మనిషి మాటతీరును బట్టి పెట్టేవారు. నేను పెట్టిన కొలత: ఆ మనిషి ఇప్పటివరకు ఒకేసారి ఎక్కువలో ఎక్కువ ఎంత కట్టాడో అంత. ఒకేసారి 1,500కు మించి ఎన్నడూ కట్టనివాడికి 4,000 అరువు ఇస్తే అది తీరే దారి అతని చేతుల్లో కూడా ఉండదు. కొత్తవాళ్లకు పాత జమలు ఉండవు కాబట్టి మూడుసార్లు నగదు కొన్నాక చిన్న మొత్తంతో మొదలు.

ఈ కొలత పట్టుకోలేనిది ఇంకోటి ఉంది. ఒక ఎలక్ట్రీషియన్‌ను యజమాని "నెల నెలా తప్పకుండా కడతాడు, బంగారం" అని మెచ్చుకునేవారు. కట్టేవాడు, నిజమే. అతని పేజీలో ప్రతి జమ తరవాత మిగిలిన బాకీలకు మాత్రమే చుట్టూ గీత గీశాను. వరసగా నాలుగు నెలలు: 400, 700, 1,100, 1,500. ప్రతి నెలా కడుతున్నాడు, ప్రతి నెలా ఇంకొంచెం లోతుకు దిగుతున్నాడు. నెలకు రెండు వేల సరుకు తీసుకుని పదహారు, పదిహేడు వందలు కట్టేవాడు దూరం నుంచి చూస్తే మంచి ఖాతాదారుడే. జమ పడిన రోజు మిగిలిన బాకీ పెరుగుతూ పోతుంటే, ఎంత క్రమంగా కట్టినా అది మునుగుతున్న ఖాతా. దీన్ని 1,500 దగ్గర పట్టుకుంటే మాట్లాడొచ్చు. 6,000 దగ్గర అతను రావడమే మానేస్తాడు. పాత పుస్తకంలోని ఆ తొమ్మిది పేజీల్లో ఐదింటి కథ ఇదే.

అతనితో మాట్లాడితే ఒక ఇంటివాళ్లు అతనికి డబ్బు ఆపారని తెలిసింది. అప్పటి నుంచి పెద్ద పనుల సామానుకు ఇంటివాళ్ల దగ్గర అడ్వాన్స్ తీసుకుని కొంటున్నాడు. బాకీ మళ్లీ 600కు దిగింది.

నేను చేసిన రెండు తప్పులు

రెండో నెలలో తొందరపడి ఖాతాదారులందరికీ ఫోన్‌కు ఒకే మెసేజ్ పంపించాను: మీ బాకీ ఇంత, దయచేసి ఈ వారంలో చెల్లించండి. ఆ జాబితాలో ముందు రోజే సరుకు తీసుకున్నవాళ్లు, ఏళ్లుగా గడువుకు ముందే కట్టేవాళ్లు కూడా ఉన్నారు. అలాంటి ఒక పెద్దాయన వచ్చి మొత్తం కట్టేసి, సంతకం చేసి, "ఇక నా పేజీ తీసేయండి" అని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. ఐదు నెలల్లో మేము పోగొట్టుకున్న ఏకైక మంచి ఖాతా అదే, దానికి కారణం నేనే. గడువు దాటనివాళ్లకు బాకీ గురించి మెసేజ్ వెళ్లకూడదు, చీటీ మీది అంకె చాలు.

రెండోది, పాత బాకీ ఒకేసారి తీరిస్తే పది శాతం తగ్గిస్తామన్నాం. ముగ్గురు తీర్చారు. వారం తిరిగేసరికి సక్రమంగా కట్టే ఒకతను, "ఆలస్యం చేసినవాళ్లకు తగ్గింపా? అయితే నేనూ ఆలస్యం చేస్తా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ అందులో న్యాయం ఉంది. ఆ మర్నాడే ఆపేశాం. వెసులుబాటు ఇవ్వాలంటే గడువు పొడిగించాలి, వాయిదాలు చిన్నవి చేయాలి, మొత్తం తగ్గించకూడదు.

ఐదు నెలల తరవాత

మొత్తం బాకీ 47,000కు దిగింది. నెల అరువు అమ్మకం 38,000 దగ్గర ఉంది, అంటే 37 రోజులు. హోల్‌సేల్ వాళ్ల 30 రోజులకు ఇంకా ఒక వారం తేడా ఉంది. 90 రోజులు దాటిన 19,000లో 9,500 వసూలైంది. 4,000 రద్దు చేశాం: తగాదా పేజీలోంచి 2,500, ఊరు వదిలి వెళ్లిన ఒకతనిది 1,500. తగాదాలో మిగతా 1,000 తరవాత కొన్నవాళ్లే ఒప్పుకున్నారు.

ఆ 4,000 ఎంత నష్టమో ఆయనకు ఇలా చెప్పాను. 100 అమ్మితే ఆయనకు మిగిలేది 20. కాబట్టి 4,000 సరుకు కొన్న ధర 3,200. అది మళ్లీ సంపాదించాలంటే 16,000 అమ్మాలి, అదీ అద్దె, కరెంటు లెక్కలోకి తీసుకోకుండా. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత కుర్రాణ్ణి పిలిచి, సంతకం లేని చీటీ ఇంకెప్పుడూ కనపడకూడదన్నారు.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. 47 ఖాతాలు కాబట్టి రాత్రి పదిహేను నిమిషాల్లో ఎక్కించడం అయిపోతోంది. నూరు దాటితే చీటీలు మర్నాటికి మిగులుతాయి, మర్నాటికి మిగిలితే చీటీ మీది పాత బాకీ తప్పవుతుంది, అక్కడితో మొత్తం పద్ధతి దెబ్బతింటుంది. అప్పుడు కంప్యూటర్‌కు మారాల్సిందే.

రానివాళ్లు ఇంకా ముగ్గురున్నారు. పాతదాంట్లో మిగిలిన 5,500లో 3,800 వాళ్లదే. పోయిన వారం వాళ్లలో ఒకరి సహాయకుడు వచ్చి నగదుకు రెండు వాల్వులు కొన్నాడు. ఆవిడ బాకీ మాటెత్తలేదు. చీటీ రాసి, కింద పాత బాకీ గడిలో 1,400 వేసి చేతికిచ్చారు.